పాత కీర్తనల పుస్తకాన్ని పాఠ్యంగా మార్చేటప్పుడు: గిలక, అరసున్న, ప్రాస
(ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం. పాత కీర్తనల పుస్తకాన్ని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్‌తో పాఠ్యంగా మార్చాక అందులో మిగిలే తప్పులను ఎలా పట్టుకోవాలో, ఎలా దిద్దాలో ఈ పూట చెప్పుకుందాం. స్కానింగు గురించి మాత్రం క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. పుటను 300 డీపీఐకి తగ్గకుండా, అక్షరం చిన్నదైతే 400 దగ్గర, నలుపు తెలుపుగా కాక బూడిద రంగు ఛాయలతో స్కాన్ చేయండి. పుట రెండు వరుసలుగా ఉంటే ముందే కత్తిరించి వేరు చేయండి. తరువాత ఓసీఆర్ పనిముట్టు టెసరాక్ట్‌కు ఇచ్చే ఆదేశం ఇంతే:

```
tesseract puta.png puta -l tel --psm 4
```

ఒక్క జాగ్రత్త మాత్రం నొక్కి చెబుతాను. స్కాన్ సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు తొలగించే సదుపాయం ఒకటి ఉంటుంది, దానిని ఆపివేయండి. ఎందుకు ఆపాలి? పాత అచ్చులో అరసున్న ఎంత ఉంటుందో మీకు తెలుసు. మచ్చను చెరిపే యంత్రానికి అరసున్నకూ సిరా చుక్కకూ తేడా తెలియదు. థకారం పొట్టలోని చుక్క కూడా అలాగే పోతుంది. ఇలా బొమ్మలోనే చెరిగిపోయిన గుర్తును తరువాత ఎవరూ తిరిగి రప్పించలేరు.

సరే, పాఠ్యం వచ్చింది. ఇప్పుడు దిద్దుబాటు. చాలామంది మొదట చేసే పని ఏమిటి? అక్షరదోషాలు పట్టే పనిముట్టును నడపడం. వార్తాపత్రిక వ్యాసానికైతే అది కొంత పనికివస్తుంది. కీర్తనల పుస్తకానికి మాత్రం రెండు వైపులా మోసం చేస్తుంది. పాత వర్ణక్రమంలో ఉన్న సరైన మాటను తప్పు అంటుంది, ఎందుకంటే ‘ఎఱిఁగిన’ దాని నిఘంటువులో లేదు. నిజంగా తప్పుగా చదివిన మాటను ఒప్పు అంటుంది, ఎందుకంటే ‘పరము’ను ‘వరము’గా చదివితే రెండూ మాటలే, రెండూ కీర్తనల్లో వచ్చే మాటలే. అందువల్ల నా పద్ధతి వేరు. కీర్తనల పుస్తకం తన తప్పులను తానే పట్టించే ఏర్పాట్లు తనలోనే పెట్టుకొని ఉంటుంది. ప్రాస ఉంది, యతి ఉంది, చరణం చివర పల్లవిని గుర్తుచేసే మాట ఉంది, పుస్తకం చివర అకారాది సూచిక ఉంది. వీటిని వాడుకోవడమే మన పని.

ఉదాహరణ లేకుండా మాట్లాడితే ప్రయోజనం లేదు. ఎవరి కీర్తననూ తప్పులతో చూపడం ఇష్టం లేక, ఈ ప్రసంగం కోసం నేనే పాత పద్ధతిలో ఒక పల్లవి, ఒక చరణం అల్లాను. కవిత్వం సంగతి పక్కన పెట్టండి. అసలు పాఠం ఇది:

పావనుండా నీ పదములఁ గొల్చెదన్ – నా
జీవనమార్గము నీవని తలఁచెదన్

ధర్మము నిలిపిన దైవము నీవే – సత్
కర్మలఁ దెలిపిన కాంతియు నీవే
నిర్మల మగు మది నిచ్చుము నాకు
మర్మము లెఱిఁగిన మహితుఁడ వీవే ॥పావ॥

పాత అచ్చు పుటలో ఇది ఉండే తీరు చూసిన యంత్రం ఏమి ఇస్తుంది? సుమారుగా ఇలా ఇస్తుంది:

పావనుండా నీ పదముల గొల్చెద౯ - నా
జీవనమాగ౯ము నీవని తలచెద౯

ధమ౯ము నిలిపిన దైవము నీవే - సత్
కమ౯ల దెలిపిన కొంతియు నీవే
నిమల మగు మది నిచ్చుము నాకు
మమ౯ము లెటిగిన మహితుడ వీవే 11పావ11

నిదానంగా చూడండి. ఈ ఆరు పంక్తుల్లో ౯ అనే గుర్తు ఎన్ని చోట్ల వచ్చిందో గమనించారా? ఇందులో తొమ్మిది అంకె ఒక్కటీ లేదు. మరి ఏమిటివి? ఇవి రెండు వేరు వేరు గుర్తులు, రెండూ తొమ్మిది అంకెకు దగ్గరి రూపంలో ఉన్నవి. మొదటిది వలపలగిలక. పాత అచ్చులో ‘ధర్మము’ అన్న మాటలో ర్ అనే పొల్లును మకారానికి కుడి పక్కన గిలకగా వేసేవారు. రెండవది నకారపొల్లు. ‘గొల్చెదన్’ చివరి న్ అనే ధ్వనికి పాత అచ్చులో వేరే గుర్తు ఉండేది. ఈ రెండింటినీ యంత్రం ఒకే అంకెగా చదివింది. పాత పద్యాలను టైపు చేసేవారు కూడా చాలాకాలంగా ౯ అంకెనే ఈ రెండింటికీ వాడుతూ వచ్చారు కనుక, యంత్రాన్ని మరీ నిందించడం న్యాయం కాదు. నకారపొల్లుకు యూనికోడ్‌లో U+0C5D అనే స్థానం 2021లో మాత్రమే వచ్చింది.

ఇక్కడ అసలు చిక్కు చూడండి. గిలకను మనం కంటితో చూసేది అక్షరం తరువాత. కాని పలికేది అక్షరానికి ముందు. యూనికోడ్‌లో నిలువ చేసేది కూడా పలికే వరుసలోనే: ముందు ర, తరువాత పొల్లు, ఆ తరువాత మ. కాబట్టి ‘మ౯’ను ‘ర్మ’ చేయాలంటే ఒక గుర్తు తీసి ఇంకొకటి పెడితే సరిపోదు. దానిని అక్షరం ముందుకు జరపాలి. ఏ అక్షరం ముందుకు? ‘ఆశీవా౯దము’ చూడండి. గిలక ‘వా’ తరువాత ఉంది. దానిని దీర్ఘం ముందుకు తెస్తే చాలదు. వకారమూ దాని దీర్ఘమూ కలిసిన మొత్తం అక్షరం ముందుకు తేవాలి. అప్పుడే ‘ఆశీర్వాదము’ అవుతుంది. అక్షరానికి ఒత్తు కూడా ఉంటే ఆ ఒత్తుతో సహా దాటించాలి.

పైథాన్‌లో ఈ పని ఒక్క పంక్తి:

```
import re
t = re.sub(r'([\u0C15-\u0C39](?:\u0C4D[\u0C15-\u0C39])*'
           r'[\u0C3E-\u0C4C]?)\u0C6F'
           r'(?=[\u0C01\u0C02\u0C15-\u0C39\u0C66])', r'ర్\1', t)
```

దీన్ని మాటల్లో చెబుతాను. ఒక హల్లు, దానికి ఒత్తులు ఉంటే అవి, గుణింతపు గుర్తు ఉంటే అది, ఆ తరువాత ౯, దాని వెంటనే మళ్లీ ఒక హల్లో సున్నో ఉండాలి. అలా ఉంటేనే ౯ తీసివేసి ఆ అక్షరం ముందు ‘ర్’ పెట్టు. ఆ చివరి షరతును, అంటే వెంటనే ఇంకో అక్షరం ఉండాలనే షరతును, దయచేసి మరిచిపోకండి. అది లేకపోతే ఏమవుతుంది? ‘గొల్చెద౯’ కాస్తా ‘గొల్చెర్ద’ అవుతుంది. ‘తలచెద౯’ ‘తలచెర్ద’ అవుతుంది. పుస్తకంలో ఎన్ని చోట్ల ‘-ెదన్’ అనే క్రియలు ఉంటాయో ఊహించండి. కీర్తనల్లో అవి పుటపుటకూ ఉంటాయి.

మాట మధ్యలో ౯ వస్తే అది గిలకే అనుకోవచ్చు. మాట మధ్యలో నకారం పొల్లుగా వచ్చే చోట సాధారణంగా దాని కింద ఒత్తు ఉంటుంది, ‘సన్మార్గము’లో లాగ. మాట చివర ౯ వస్తే మాత్రం అది నకారపొల్లు అని తీర్మానించలేము. ‘కీతి౯’ అని వచ్చింది. ఇది ‘కీర్తి’యా, ‘కీతిన్’ ఆ? మనకు తెలుసు, కీర్తి. ‘మూతి౯’ మూర్తి. కాని యంత్రానికి ‘మూతిన్’ కూడా తెలుగే; మూతి అనే మాట ఉంది కదా! అందువల్ల మాట చివరి ౯లను ఎన్నడూ మూకుమ్మడిగా మార్చకండి. వాటిని జాబితాగా తీయండి. ఒకే మాట ఎన్నోసార్లు వస్తుంది కనుక, జాబితా మీరు భయపడేంత పెద్దది కాదు. ‘-ెద౯’తో ముగిసేవన్నీ ఒక్క చూపులో తేలిపోతాయి. మిగిలినవాటికి పుట బొమ్మ తెరిచి చూడాలి.

నకారపొల్లును ‘న్’గా రాయాలా, కొత్త యూనికోడ్ గుర్తుతో రాయాలా అని అడగవచ్చు. నా అభిప్రాయం ‘న్’ అనే. కొత్త గుర్తు చాలా ఫాంట్లలో లేదు, ఉన్నా వెతికేవారు టైపు చేయరు. వెతికితే దొరకని పాఠ్యాన్ని తయారు చేసి ఏం లాభం?

వెతకడం అన్నాను కనుక సున్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పూర్ణానుస్వారం, తెలుగు అంకె సున్న, రెండూ తెరమీద ఒకే తీరుగా కనిపిస్తాయి. ‘స౦తోషము’ అని అంకె సున్నతో ఉంటే చదివేవారికి తేడా తెలియదు, వెతికేవారికి మాత్రం ఆ కీర్తన ఎన్నటికీ దొరకదు. అక్షరం వెంటనే వచ్చిన అంకె సున్నను అనుస్వారంగా మార్చాలి:

```
t = re.sub(r'(?<=[\u0C05-\u0C4D])\u0C66', '\u0C02', t)
```

అంకె వెంట వచ్చిన సున్నను ఇది ముట్టుకోదు, కాబట్టి ‘౧౦వ కీర్తన’ క్షేమంగా ఉంటుంది. అయితే గిలక దిద్దిన తరువాతే దీన్ని నడపండి. ‘గవ౯౦బు’ అని ఉన్నప్పుడు సున్నకు ముందున్నది అంకెలా కనిపిస్తున్న గిలక. మొదట గిలకను జరిపితే ‘గర్వ౦బు’ అవుతుంది, అప్పుడు సున్న తేలికగా సరిపడుతుంది. విసర్గ కథ కూడా ఇదే: ‘దు:ఖము’లో విసర్గ స్థానంలో రెండు చుక్కల విరామచిహ్నం ఉంటుంది. ఖాళీ లేకుండా రెండు తెలుగు అక్షరాల మధ్య ఆ చిహ్నం ఉంటే అది విసర్గే.

ఇప్పుడు మన చరణానికి తిరిగి వద్దాం. గిలక సూత్రం నడిపిన తరువాత ధర్మము వచ్చింది, కర్మల వచ్చింది, మర్మము వచ్చింది, పల్లవిలో జీవనమార్గము కూడా వచ్చింది. మూడవ పంక్తి చూడండి: ‘నిమల మగు’. ఇక్కడ యంత్రం గిలకను అసలు చూడనే లేదు. అక్కడ ౯ కూడా లేదు కనుక మన సూత్రం దీన్ని పట్టుకోలేదు. దీన్ని ఎవరు పట్టిస్తారు? ప్రాస పట్టిస్తుంది. మిగిలిన మూడు పంక్తుల్లో రెండవ అక్షరం ‘ర్మ’. ప్రాసస్థానంలో జంట హల్లు ఉంటే అన్ని పంక్తుల్లోనూ అదే జంట ఉండాలి. మూడవ పంక్తిలో ‘మ’ మాత్రమే ఉంది. అంటే అక్కడ ఒక గుర్తు పోయింది. బొమ్మ తెరిచి చూస్తే మకారం పక్కన సిరా పలచబడిన గిలక కనిపిస్తుంది.

రెండవ పంక్తిలో ‘కొంతియు’ అని ఉంది. కాంతి కొంతి అయింది. కాకారపు దీర్ఘం చివర సిరా కాస్త మెలిక తిరిగినా యంత్రానికి ఒకారంలా కనిపిస్తుంది. దీన్ని యతి పట్టిస్తుంది. పంక్తి మొదట ‘క’, విరామం తరువాత ‘కొ’. యతిలో హల్లు ఒక్కటీ కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. అకారానికి ఆకారం, ఐకారం, ఔకారం పొసగుతాయి, ఒకారం పొసగదు. ధర్మము–దైవము, నిర్మల–నిచ్చుము, మర్మము–మహితుఁడ అని మిగిలిన మూడు పంక్తులూ యతి పాటిస్తున్నప్పుడు ఈ ఒక్క పంక్తి ఎందుకు తప్పుతుంది? అనుమానించవలసిందే.

ఇక్కడ ఒక మాట. అన్ని కీర్తనలూ యతిప్రాసలు పాటించవు. అనువాద గీతాల్లో, పరదేశపు బాణీకి కట్టిన పాటల్లో అసలు ఉండకపోవచ్చు. కాబట్టి మొదట ఆ కీర్తన మిగిలిన పంక్తులు ఆ నియమం పాటిస్తున్నాయో లేదో చూడండి. నాలుగింట మూడు పాటిస్తే నాలుగవదాన్ని అనుమానించండి. అనుమానించండి అన్నాను గాని దిద్దండి అనలేదు. ప్రాస ఎక్కడ చూడాలో చెబుతుంది. ఏమి ఉందో బొమ్మే చెబుతుంది. కవే ప్రాస తప్పి ఉంటే అది ఆయన హక్కు.

పకార వకారాల గొడవకు కూడా ఇదే మందు. వకారానికి ఎడమ పక్క మూసుకున్న సున్న ఉంటుంది, పకారానికి ఉండదు. అరిగిన అచ్చులో ఆ సున్న తెరుచుకుంటే వ ప అవుతుంది, సిరా ఎక్కువై పకారం మూసుకుపోతే ప వ అవుతుంది. మన పల్లవిలో ‘పావనుండా’ను యంత్రం ‘పాపనుండా’ అని చదివి ఉంటే? రెండవ పంక్తి ‘జీవన’లో రెండవ అక్షరం వకారం కనుక ప్రాస అక్కడే చెబుతుంది. పైగా చరణం చివర పల్లవిని గుర్తుచేసే మాట ఉంది. ॥పావ॥ అని. అదే పల్లవి మొదటి అక్షరాలు. పల్లవి మొదలు ‘పాప’, చరణం చివర ‘పావ’ అని వస్తే రెంటిలో ఒకటి తప్పు. అయిదు చరణాల కీర్తనలో పల్లవి మొదలు మొత్తం ఆరుసార్లు అచ్చయి ఉంటుంది. ఆరు చోట్లా యంత్రం ఒకే తప్పు చేయడం అరుదు. పుస్తకం చివరి అకారాది సూచికలో మొదటి పంక్తి ఇంకోసారి ఉంటుంది. సూచిక పుటలను కూడా ఓసీఆర్ చేసి, ప్రతి కీర్తన మొదటి పంక్తితో పోల్చి, తేడా ఉన్నవాటిని మాత్రమే చూడండి. ఇంత చౌకగా ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకొకటి నాకు తెలియదు.

ఆ నిలువు గీతల గురించి చెప్పాలి కదా. ॥ గుర్తు ‘11’ అయింది. దీన్ని కూడా గుడ్డిగా మార్చవద్దు; 11వ కీర్తన సంఖ్య పోతుంది. ఒకే మాటకు ముందూ వెనకా రెండు వైపులా అంటుకొని ఉన్న 11ల జంటను మాత్రమే మార్చండి.

ఇక అరసున్న. నిజానికి నేను ఈ ప్రసంగంలో ఎక్కువసేపు మాట్లాడదలచినది దీని గురించే. ‘పదముల గొల్చెదన్’, ‘కర్మల దెలిపిన’. ఈ రెండు చోట్లా అరసున్న పోయింది. అరసున్న లేకుండా చదివినవారు ఏమనుకుంటారు? ‘గొల్చెదన్’ ఏమిటి, ‘కొల్చెదన్’ కదా, ఇది గకార కకారాల తప్పు అనుకొని ‘కొల్చెదన్’ అని దిద్దుతారు. ‘దెలిపిన’ను ‘తెలిపిన’ చేస్తారు. యంత్రం ఒక తప్పు చేసింది, దిద్దినవారు రెండవది చేశారు. ఇప్పుడు అచ్చులో ఉన్నది ఏమిటో చెప్పే ఆధారం పూర్తిగా పోయింది.

అసలు అక్కడ జరిగినది ఏమిటి? ‘పదములన్’ అనే మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉంది. ద్రుతం మీద పరుషం, అంటే క, చ, ట, త, ప, వస్తే అది గ, జ, డ, ద, బ అనే సరళమవుతుంది. కొల్చెదన్ గొల్చెదన్ అయింది. ఆ ద్రుతం అరసున్నగా మిగిలింది. పదములఁ గొల్చెదన్. అంటే అరసున్నా సరళమూ జంటగా ఉంటాయి. ఈ జంట మనకు ఒక ఆనవాలు. కొలుచు, తెలుపు, పాడు, చేయు వంటి పరుషంతో మొదలయ్యే క్రియలు గొలుచు, దెలుపు, బాడు, జేయు అని సరళంతో కనిపించిన ప్రతి చోటా, ముందు మాట చివర అరసున్నగాని నిండుసున్నగాని నకారపొల్లుగాని ఉందా అని చూడండి. లేకపోతే ఆ పంక్తికి గుర్తు పెట్టి బొమ్మ చూడండి.

దీనికి కూడా ఒక మినహాయింపు ఉంది, చెప్పకపోతే తప్పుదారి పట్టించినవాణ్ణి అవుతాను. ప్రథమావిభక్తి మీద కూడా క, చ, ట, త, ప అనేవి గ, స, డ, ద, వ అవుతాయి. ‘వాఁడు గొట్టె’ అన్నప్పుడు అక్కడ ద్రుతం లేదు, అరసున్న రాదు. కాబట్టి సరళం కనిపించిందని అరసున్న మనమే చేర్చకూడదు. గమనించండి, ఈ రెండవ పద్ధతిలో చకారం సకారమవుతుంది, పకారం వకారమవుతుంది. ‘జేసె’ అని ఉంటే ద్రుతం ఉండాలి. ‘సేసె’ అని ఉంటే అక్కరలేదు. ‘బాడె’ అంటే ద్రుతం, ‘వాడె’ అంటే ప్రథమ మీది ఆదేశం. గ, డ, ద దగ్గర మాత్రం రెండు పద్ధతులూ ఒకే రూపాన్ని ఇస్తాయి కనుక అక్కడ వ్యాకరణం తీర్పు చెప్పలేదు, బొమ్మ చెప్పాలి.

మాట లోపలి అరసున్నలు వేరే తరగతి. తలఁచు, మహితుఁడు, ఎఱిఁగిన, వేఁడు. వీటికి సంధితో పని లేదు. అది ఆ మాట వర్ణక్రమం. పుస్తకంలో ‘తలఁచు’ ఎక్కువచోట్ల అరసున్నతో, కొన్నిచోట్ల లేకుండా వస్తే, లేని చోట్లను చూడాలి. పాత అచ్చులోనే అరసున్న ఒకచోట వేసి ఇంకోచోట వేయకపోవడం ఉంది, కనుక ఎక్కువసార్లు ఉన్నదే సరి అని ఓటు వేసి తేల్చకండి.

‘లెటిగిన’ ఒక్కటి మిగిలింది. బండిఱను యంత్రం టకారంగా చదివింది. ఇలాంటి వాటిని పట్టడం సులువు, ఎందుకంటే ‘ఎటిగిన’ అనే మాట లేదు. ఈ ఒక్క తరగతికి మాత్రం అక్షరదోషాల పనిముట్టు నిజంగా పనికివస్తుంది. అయితే అది సూచించే ‘ఎరిగిన’ను ఒప్పుకోకండి. అచ్చులో బండిఱ ఉంటే బండిఱే ఉంచండి.

ఆ మాట మీద చాలామంది నాతో వాదిస్తారు. ఇప్పటివారు చదవలేరు కదా, అరసున్నలూ బండిఱలూ తీసివేస్తే మంచిది కదా అంటారు. తీసివేయండి, కాని వేరే ఫైలులో. మొదటి ఫైలు పుటలో ఉన్నది ఉన్నట్టు. అది పూర్తయి, రెండవ వ్యక్తి సరిచూసిన తరువాత, దాని నకలు మీద ఆధునిక వర్ణక్రమం చేయండి. అరసున్నలు తీసివేయడం యంత్రానికి ఒక్క క్షణం పని; తిరిగి పెట్టడం ఎవరి తరమూ కాదు. ఈ రెండు పనులూ కలిపి ఒకేసారి చేసినవారి పాఠ్యంలో, ‘ఎరిగిన’ అని కనిపిస్తే అది అచ్చులోని రూపమా, దిద్దినవారి రూపమా అని తెలుసుకునే మార్గం ఉండదు.

సరిచూడడం గురించి ఒక్కటి. ఇద్దరు కూర్చోండి. ఒకరు బొమ్మ చూసి అక్షరం అక్షరం గుణింతంతో సహా చదవాలి, రెండవవారు పాఠ్యంలో చూడాలి. చదవాలి అన్నాను, పాడవద్దు. తెలిసిన కీర్తనను పాడుతూ సరిచూస్తే నోరు కంఠస్థమైన పాఠాన్ని పలుకుతుంది, కన్ను అదే చూసినట్టు భ్రమపడుతుంది. పైగా ఇప్పుడు పాడుకునే పాఠమూ ఆ పాత ముద్రణలోని పాఠమూ ఒకటి కాకపోవచ్చు. చరణాలను చివరి పంక్తి నుంచి పైకి చదివితే ఆ అలవాటు విరుగుతుంది.

ఇక అచ్చులోనే తప్పు ఉంటే? పాతకాలంలో అక్షరాలు కూర్చినవారూ మనుషులే. వకారపు అచ్చులు ఉంచే గదిలో పకారం పడి ఉండవచ్చు. ‘పావనుండా’ అన్నది బొమ్మలో స్పష్టంగా ‘పాపనుండా’ అనే ఉంటే, పాఠ్యంలో అచ్చులో ఉన్నదే ఉంచి, కీర్తన సంఖ్య, చరణం, పంక్తి రాసి, ‘ప్రాసను బట్టి, సూచికను బట్టి పావనుండా అని ఉండాలి’ అని వేరే పట్టికలో నమోదు చేయండి. ఆ పట్టిక పాఠ్యంతోపాటే ఉండాలి. ఆధునిక ప్రతి తయారు చేసేటప్పుడు ఆ దిద్దుబాట్లను ఒక్కొక్కటిగా చూసి తీసుకోవచ్చు, వద్దనుకోవచ్చు.